రద్దీ బంకు పెట్రోలుతో ఇంజెక్టర్లు శుభ్రంగా ఉంటాయా? – ఫోన్-ఇన్ కార్యక్రమం, విజయవాడ

వ్యాఖ్యాత: మళ్లీ స్వాగతం. వాహన ఇంజిన్ల నిపుణులు మనతోనే ఉన్నారు. గుంటూరు నుంచి ఫోను. చెప్పండి.

శ్రోత (గుంటూరు, బ్రాడీపేట): నమస్కారం సర్. పని మీద తరచూ హైదరాబాదు వెళ్తుంటాను. తెలంగాణలో పెట్రోలు మన దగ్గర కంటే కొంచెం తక్కువ కదా, తిరిగి వచ్చేటప్పుడు అక్కడే ట్యాంకు నింపిస్తాను. చవక పెట్రోలు, ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను పాడు చేస్తుందని మా బావమరిది అంటున్నాడు.

నిపుణుడు: ఆ తేడా పన్నుది, సరుకుది కాదు. యానాంలో తక్కువ ధర ఉండేదీ అందుకే. నిశ్చింతగా పోయించుకోండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. తరువాత విజయవాడ, పటమట నుంచి.

శ్రోత (పటమట): నమస్కారం సర్. మాది చిన్న కారు, పెట్రోలు. అరవై వేల కిలోమీటర్లు దాటింది. పొద్దున స్టార్ట్ చేయగానే వణుకుతుంది. పిల్లలను బడిలో దింపి రావడం, సాయంత్రం మళ్లీ తీసుకురావడం, మధ్యలో బజారు, అంతే దాని పని. రద్దీగా ఉండే పెద్ద బంకులో పోయిస్తే ఇంజెక్టర్లు శుభ్రంగా ఉంటాయని అందరూ చెబుతున్నారు. అక్కడ తొంభై అయిదు ఆక్టేన్ పెట్రోలు లీటరుకు ఏడు రూపాయలు ఎక్కువ. పోయించమంటారా?

నిపుణుడు: మీరు మూడు సంగతులు కలిపేశారమ్మా. బంకులో రద్దీ ఒకటి, ఆక్టేన్ ఒకటి, మురికి వదిలించే డిటర్జెంటు మరొకటి. ఆక్టేన్ అంటే పెట్రోలు వేళకు ముందే అంటుకోకుండా తట్టుకునే శక్తి. దానితో ఇంజెక్టరు శుభ్రపడదు. డిటర్జెంటు వేరుగా కలపాలి. సాధారణంగా ఖరీదైన రకాల్లో అది ఎక్కువ కలుపుతారు కాబట్టి జనం రెండింటినీ ఒకటే అనుకుంటారు.

శ్రోత: అయితే రద్దీ బంకు మంచిదేనా సర్?

నిపుణుడు: మంచిదే, కానీ కారణం వేరు. ఇప్పుడు మన పెట్రోలులో ఇరవై శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. అమ్మకం లేని బంకులో సరుకు రోజుల తరబడి భూమిలోని ట్యాంకులో ఉండిపోతుంది. అందులోకి నీరు చేరితే, హద్దు దాటాక నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. రద్దీ బంకులో ఆ భయం తక్కువ. అంతకుమించి రద్దీకీ ఇంజెక్టర్ శుభ్రతకూ సంబంధం లేదు. అనుమానం వస్తే ఫిల్టర్ పేపర్ అడగండి, ఇవ్వాల్సిందే. నాజిల్ తుడిచి దాని మీద ఒక చుక్క వేయిస్తే, రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. నూనె మరకలా మిగిలితే కల్తీని అనుమానించాలి. ఆ పరీక్ష కల్తీకే. డిటర్జెంటు ఉందో లేదో అది చెప్పదు.

శ్రోత: సర్, మరి నా కారు వణుకుడికి ఖరీదైన పెట్రోలు పోయించాలా, వద్దా?

నిపుణుడు: తొందరపడకండి, అక్కడికే వస్తున్నాను. మెకానిక్‌కు చూపించారా?

శ్రోత: ఆటోనగర్‌లో చూపించాను. కంప్యూటర్ పెట్టి ఏవో అంకెలు కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆగండి... లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని ఉంది. ఐడ్లింగ్‌లో ప్లస్ పదకొండు, రెండువేల అయిదువందల ఆర్‌పీఎమ్ దగ్గర ప్లస్ పన్నెండు.

నిపుణుడు: చాలా మంచి పని చేశాడు. ఈ కాగితం చేతిలో లేకుండా నా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ. ప్లస్ పన్నెండు అంటే, పెట్రోలు చాలడం లేదని ఇంజిన్ కంప్యూటర్ పన్నెండు శాతం అదనంగా పోయిస్తోంది. ఎక్కడైనా గాలి లీకయితే ఐడ్లింగ్‌లో అంకె ఎక్కువగా ఉండి, వేగం పెరిగితే తగ్గుతుంది. ట్యాంకు నుంచి పెట్రోలు తోసే పంపు బలహీనపడితే భారం పెరిగే కొద్దీ పెరుగుతుంది. మీకు రెండు చోట్లా దాదాపు ఒకటే ఉంది. అంటే ఇంజెక్టర్లు కొంచెం పూడి ఉండవచ్చు. అయితే అంతా మురికే అనుకోకండి. పది శాతం ఇథనాల్‌కు తయారైన కారులో ఇరవై శాతం పోస్తే మూడు నాలుగు శాతం అదనం దానంతట అదే వస్తుంది. మిగిలిన ఏడెనిమిది శాతానికే కారణం వెతకాలి.

శ్రోత: ఎందుకు పూడుతుంది సర్? కారు ఎక్కువ తిప్పడం కూడా లేదు.

నిపుణుడు: తక్కువ తిప్పడమే కారణమమ్మా. ఇంజిన్ ఆపగానే గాలి ఆడదు, వేడి పైకి ఎక్కుతుంది. ఇంజెక్టరు మొన దగ్గర పెట్రోలు చుక్క మిగిలిపోతుంది. తేలికైన భాగం ఆవిరై, బరువైన భాగం అక్కడే మాడి పట్టుకుంటుంది. ఆ రంధ్రం మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. మీరు రోజుకు నాలుగైదుసార్లు ఆపుతారు, పైగా విజయవాడ ఎండ. నూరు కిలోమీటర్లు ఏకబిగిన తిరిగే కారు కంటే మీదానికే మురికి ఎక్కువ పడుతుంది. డిటర్జెంటు పని చేసేది సరిగ్గా ఇక్కడే.

శ్రోత: అయితే పోయించాలన్నమాట.

నిపుణుడు: పోయించండి, లెక్క పెట్టుకుని పోయించండి. ముందు పెట్రోలు ప్రెజరు కొలిపించండి. అది సరిగా ఉంటే నాలుగుసార్లు డిటర్జెంటు రకం నింపించండి. ముప్పై లీటర్ల చొప్పున లీటరుకు ఏడు రూపాయలంటే ఎనిమిది వందల నలభై రూపాయలు అదనం. ఒక్క ట్యాంకుతో తీర్పు చెప్పకండి. తరువాత అదే మెకానిక్ దగ్గర అవే రెండు అంకెలు చూపించండి. అయిదారుకు దిగితే మురికే కారణం. కదలకపోతే పెట్రోలు మీద డబ్బు పోయకండి, ఇంజెక్టర్లు ఊడదీయించి బెంచి మీద పరీక్షించమనండి. నాలుగు గాజు గొట్టాల్లో ఒకే సమయం పోస్తారు, ఎందులో తక్కువ పడిందో కంటికే కనిపిస్తుంది. ఇంకొకటి: డిటర్జెంటు పెట్రోలులో మళ్లీ క్లీనర్ సీసాలు పోయకండి. అందరికీ చెప్పేదే.

వ్యాఖ్యాత: చాలా వివరంగా చెప్పారు. మంగళగిరి నుంచి మరో ఫోను.

శ్రోత (మంగళగిరి): సర్, నాది డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో కారు. అమెరికాలో ఉన్న మా అన్నయ్య మంచి డిటర్జెంటు ఉన్న పెట్రోలుతో మురికి పంతొమ్మిది రెట్లు తక్కువని పంపించాడు. నాకూ అంతేనా?

నిపుణుడు: ఆ పరీక్ష ఉంది బాబూ. 2016లో అక్కడి మోటారు వాహనదారుల సంఘం ఏఏఏ చేయించింది. దాదాపు 6,400 కిలోమీటర్ల ప్రయాణానికి సమానంగా ఇంజిన్ నడిపి, డిటర్జెంటుకు సంబంధించిన 'టాప్ టైర్' ప్రమాణం ఉన్న పెట్రోలునూ, ఆ ప్రమాణం లేనిదాన్నీ పోల్చారు. కానీ ముఖ్యంగా చూసింది సిలిండర్‌లోకి గాలిని వదిలే ఇన్‌టేక్ వాల్వు మీది మురికిని, ఇంజెక్టరును కాదు. ఆ అంకె మీ కారుకు సరిపోదు. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి పడుతుంది. వాల్వును తాకదు, కాబట్టి ఎంత మంచి డిటర్జెంటు ఉన్నా దాన్ని కడగలేదు. ఇంజెక్టరు మొన మాత్రం మంటలోనే ఉంటుంది, మురికి త్వరగా పడుతుంది. మీరు డిటర్జెంటు పెట్రోలు వాడవలసింది దాని కోసమే. వాల్వు మురికికి వర్క్‌షాపులో విడిగా శుభ్రం చేయించాలి. సీసాలు మాత్రం పోయకండి.

శ్రోత (మంగళగిరి): టర్బో కాబట్టి తొంభై అయిదు ఆక్టేన్ తప్పదంటారా?

నిపుణుడు: ట్యాంకు మూత లోపలి వైపు, యజమాని పుస్తకంలో కనీస ఆక్టేన్ రాసి ఉంటుంది. తొంభై ఒకటి అని ఉంటే తొంభై ఒకటి చాలు. అందులో డిటర్జెంటు ఎవరు కలుపుతున్నారో బంకులో అడిగి తెలుసుకోండి. కొన్ని సంస్థలు మామూలు ధరకే డిటర్జెంటు కలిపి ఇస్తున్నామని చెబుతున్నాయి. అలాంటిది దగ్గరలో ఉంటే ఏడు రూపాయలు మిగులుతాయి.

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉంది. తెనాలి నుంచి, క్లుప్తంగా అడగండి.

శ్రోత (తెనాలి): సర్, నాది పాత బండి, కార్బ్యురేటరుది. ఇంజెక్టరే లేదు. నాకు ఇవన్నీ అవసరమా? వారానికి ఒకసారి కూడా తీయను.

నిపుణుడు: ఖరీదైనది అవసరం లేదు. నెలకు పైగా నిలిపితే కార్బ్యురేటరు అడుగున ఉన్న చిన్న గిన్నెలోని పెట్రోలు వదిలేసి నిలపండి. రద్దీ బంకులో కొంచెం కొంచెంగా పోయించండి, చాలు.

వ్యాఖ్యాత: నిపుణులకు, శ్రోతలకు ధన్యవాదాలు. ఇప్పుడు వార్తలు.