హైక్యూ రివ్యూ: రొటేషన్ రూలే అసలు కథ

హాయ్ అందరికీ! ముందే చెప్పేస్తున్నా, ఒక స్ట్రీమింగ్ యాప్ వాళ్లు ఈ వీడియో కోసం నాకు మూడు నెలల సబ్‌స్క్రిప్షన్ ఫ్రీగా ఇచ్చారు. హైక్యూ అంటే స్కూల్ వాలీబాల్ జట్టు మీద తీసిన జపనీస్ యానిమే, కథ మీకు తెలిసే ఉంటుంది, అందుకే నేరుగా నాకు పిచ్చెక్కించిన విషయానికి వచ్చేస్తా. అదే రొటేషన్.

మా ఊళ్లో వాలీబాల్ ఆడేటప్పుడు రొటేషన్ అనేదే లేదు. పొడుగ్గా ఉన్నవాడు ఎప్పుడూ నెట్ దగ్గరే, చిన్నపిల్లలం మేము వెనకాల బంతులు ఎత్తుకుంటూ ఉండేవాళ్లం. అసలు ఆటలో అలా కుదరదు. సర్వీస్ మన చేతికి తిరిగొచ్చిన ప్రతిసారీ ఆరుగురూ ఒక్కో స్థానం జరగాలి, వెనక వరుసలో ఉన్నవాడు బ్లాక్ చేయకూడదు, నెట్‌కి దగ్గర్లో గీసిన అటాక్ లైన్ లోపల నుంచి నెట్ పైకి ఎగిరి స్మాష్ కొట్టకూడదు.

ఇప్పుడు మన హీరో హినాటాని చూడండి. వాడు మిడిల్ బ్లాకర్, అంటే నెట్ మధ్యలో నిలబడి అవతలివాళ్ల స్మాష్‌లని అడ్డుకునేవాడు. అదే జట్టులోని త్సుకిషిమా కూడా మిడిల్ బ్లాకరే. వీళ్లిద్దరూ కోర్టులో ఎదురెదురు మూలల్లో ఉంటారు కాబట్టి ఒకడు ముందు వరుసకి వస్తే రెండోవాడు వెనక్కి పోతాడు, అక్కడ వాడి సర్వీస్ అయిపోగానే వెనక వరుసలో మాత్రమే ఆడే డిఫెన్స్ ప్లేయర్, అంటే లిబెరో అయిన నిషినోయా వాడి బదులు లోపలికొస్తాడు. అంటే ఇద్దరూ కలిసి నెట్ దగ్గర ఎప్పుడూ ఉండరు! ఒకడు కష్టపడి కొట్టిన పాయింట్ రెండోవాడు చాలాసార్లు బెంచీ మీద కూర్చుని చూడాల్సిందే. వీళ్ల పోటీకి డైలాగులు అక్కర్లేదు, రూలే రాసిపెట్టింది.

త్సుకిషిమాకి మొదట్లో ఆట మీద ఆసక్తే ఉండదు. రెండో సీజన్లో టోక్యో క్యాంపులో వేరే స్కూల్ జట్టు కెప్టెన్ కురో వాడికి బ్లాకింగ్ నేర్పిస్తాడు, ఇంకో జట్టు కెప్టెన్ బొకుటో అయితే ఆట ఎప్పుడు సరదాగా అనిపిస్తుందో తన అనుభవంతో చెప్తాడు. వాడు నేర్చుకున్నది చాలా చిన్న పని: తొందరపడి ఎగరకుండా, స్మాష్ కొట్టేవాళ్లకి బంతి అందించే సెట్టర్ దాన్ని ఎటు పంపాడో చూసి, అప్పుడు ఎగరడం. ఆ ట్రైనింగ్ ఫలితం మూడో సీజన్లో కనబడుతుంది. షిరటోరిజావా స్కూల్ జట్టుతో ఫైనల్, పది ఎపిసోడ్లూ ఒకే మ్యాచ్! రెండో సెట్ ఇరవై ఐదు దాటి, రెండు పాయింట్ల తేడా వచ్చేదాకా సాగే డ్యూస్‌లోకి వెళ్తుంది. త్సుకిషిమా ప్రతిసారీ ఆగి ఆగి ఎగురుతూ, బంతికి వేలు తగిలిస్తూ వాళ్ల సెట్టర్ షిరాబుకి చిరాకు తెప్పిస్తాడు. చివరికి షిరాబు అందించిన బంతి కొంచెం గురి తప్పుతుంది, వాళ్ల స్టార్ ప్లేయర్ ఉషిజిమా స్మాష్ నేరుగా త్సుకిషిమా చేతులకి తగిలి కింద పడుతుంది. ఎప్పుడూ మౌనంగా ఉండే వాడు పిడికిలి బిగించి అరుస్తాడు. నేను కూడా అరిచాను, మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది!

నాకు కోపం తెప్పించింది ఒక్కటే, బంతి గాల్లో ఉండగా ఫ్లాష్‌బ్యాక్ పెట్టడం. ర్యాలీ ఊపు మొత్తం పోతుంది, కొన్నిచోట్ల స్కిప్ కొట్టేశాను. అయినా నా రేటింగ్ పదికి తొమ్మిదిన్నర, ఆ బ్లాక్ ఒక్కదానికే. ఈసారి చూసేటప్పుడు త్సుకిషిమా నెట్ దగ్గరున్నప్పుడు హినాటా ఎక్కడున్నాడో గమనించి కింద కామెంట్లో చెప్పండి.