కబడ్డీ హ్యాండిక్యాప్ లైన్: గెలుపు తేడాలను సరిగా కొలవడం

అందరికీ నమస్కారం.

కబడ్డీ మ్యాచ్‌కు హ్యాండిక్యాప్ లైన్ పెట్టడానికి రెండే అంకెలు కావాలి. ఈ మ్యాచ్‌లో ఏ జట్టు ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తుందని మన అంచనా? ఆ అంచనా చుట్టూ అసలు ఫలితం ఎంత దూరం ఊగుతుంది? మొదటిదాని మీద అందరూ గంటల తరబడి వాదించుకుంటారు. రెండోదాన్ని పట్టికలోంచి ఎత్తి వేసేసుకుంటారు. ధర, అంటే నెగ్గితే రూపాయికి తిరిగొచ్చే మొత్తం, ఎక్కువగా తప్పేది ఆ రెండోదాని దగ్గరే. అందుకే ఇవాళ దాని మీదే ఎక్కువసేపు మాట్లాడతాను.

ఒక మాట ముందే చెప్పాలి. మన దేశంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. తెలంగాణలో 2017 నుంచే నిషేధం ఉంది. నేను చెప్పేది అంచనా గణితం. లైన్ ఎలా పుడుతుందో, అందులో తప్పు ఎక్కడ దాక్కుంటుందో తెలుసుకోవడానికి పందెం కాయనక్కర్లేదు.

ముందు లైన్ అంటే ఏమిటో చూద్దాం. ఎ జట్టుకు మైనస్ 4.5 అంటే, ఆ జట్టు చివరి స్కోరులోంచి నాలుగున్నర తీసేసి చూస్తాం. అప్పటికీ అది ముందుంటే ఆ వైపు నెగ్గినట్టు. అంటే ఎ జట్టు కనీసం 5 పాయింట్ల తేడాతో గెలవాలి. సగం పాయింట్ ఎందుకంటే కబడ్డీలో సగం పాయింట్ రాదు కాబట్టి, లెక్క ఎటో ఒకవైపు తేలిపోతుంది.

ఇప్పుడు ఊగిసలాట సంగతి. పది మ్యాచ్‌ల గెలుపు తేడాలు బోర్డు మీద రాస్తున్నాను. ఇవి లెక్క చూపించడానికి నేను వేసుకున్న అంకెలు: 3, 12, 7, 1, 18, 5, 9, 6, 15, 4. మొత్తం 80, సగటు 8. వీటికి స్టాండర్డ్ డీవియేషన్, అంటే సగటు చుట్టూ అంకెలు ఎంత దూరం చెదిరాయో చెప్పే కొలత, కడితే 5.2 వస్తుంది. చాలామంది ఈ 5.2నే తీసుకెళ్లి గంట ఆకారంలో ఉండే నార్మల్ కర్వ్‌లో పెట్టేస్తారు. అది పెద్ద తప్పు.

ఎందుకో చూడండి. గెలుపు తేడాకు ఎప్పుడూ గుర్తు ఉండదు. ఎ జట్టు 9తో గెలిచినా 9 అనే రాస్తాం, 9తో ఓడినా 9 అనే రాస్తాం. కానీ మనం ధర కట్టేది గుర్తున్న తేడాకు. ఎ వైపు నుంచి చూస్తే ఒకటి ప్లస్ 9, ఇంకోటి మైనస్ 9. ఆ రెంటి మధ్య 18 పాయింట్ల దూరం ఉంది. గుర్తు తీసేయగానే ఆ దూరం సున్నా అయిపోయింది. సున్నాకు ఎడమవైపున్న సగాన్ని కుడివైపు సగం మీదకు మడతపెట్టినట్టు లెక్క. మడతపెట్టిన కాగితం వెడల్పు కొలిచి అదే అసలు వెడల్పు అనుకుంటున్నాం. రెండు జట్లూ సమానబలం గలవైతే, మడతపెట్టిన తర్వాత వచ్చే స్టాండర్డ్ డీవియేషన్ అసలు దానిలో 60 శాతమే ఉంటుంది.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. ఒక్కో తేడాను వర్గం చేయండి, ఆ వర్గాల సగటు తీసి దాని వర్గమూలం కట్టండి. మధ్యలో 8ని తీసివేయకూడదు. మన పది మ్యాచ్‌ల వర్గాలు కలిపితే 910, సగటు 91, వర్గమూలం 9.5. ఇందాకటి 5.2 ఎక్కడ, ఈ 9.5 ఎక్కడ!

ఆ 9.5 కూడా ఆఖరి అంకె కాదు. అందులో రెండు రకాల తేడాలు కలిసి ఉన్నాయి. ఆ రోజు ఆట ఎటు తిరిగిందన్నది ఒకటి. బలమైన జట్టు బలహీనమైన జట్టుతో ఆడినందువల్ల వచ్చింది రెండోది. రెండోదాన్ని మన అంచనా ఎలాగూ లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ఊగిసలాటలోంచి తీసేయాలి. అందుకు జట్ల సగటులు కావాలి.

జట్టు సగటు కట్టేటప్పుడు గుర్తు ఉంచే కట్టాలి. ఎ జట్టు 16 మ్యాచ్‌లు ఆడి సగటున ప్లస్ 5 దగ్గర ఉందనుకోండి, బి జట్టు మైనస్ 2 దగ్గర ఉందనుకోండి. తీసివేస్తే 7 వస్తుంది. అదే లైన్ అనుకుంటే మళ్లీ పొరపాటే, ఎందుకంటే 16 మ్యాచ్‌ల సగటులో అదృష్టం పాలు చాలానే ఉంటుంది. ఆఖరి నిమిషంలో పడిన ఒక్క ఆలౌట్ రెండు అదనపు పాయింట్లు తెస్తుంది. ముగ్గురే మిగిలిన కోర్టులో పడిన సూపర్ ట్యాకిల్ ఒకటి అదనంగా తెస్తుంది. ఇలాంటివి సగటుకు అతుక్కుని ఉంటాయి.

అదృష్టం పాలు ఎంతో కొలవచ్చు. ఒక మ్యాచ్ ఊగిసలాటను 16 వర్గమూలంతో, అంటే 4తో భాగించండి. మొదటి విడతకు మన దగ్గరున్న 9.5నే వాడితే 2.4 వస్తుంది, దాని వర్గం సుమారు 5.7. ఇప్పుడు లీగ్‌లోని జట్లన్నిటి సగటులు తీసుకుని వాటి స్టాండర్డ్ డీవియేషన్ చూడండి. అది 3.5 అనుకుందాం, వర్గం 12.25. అందులో 5.7 అదృష్టానిది, మిగిలిన ఆరున్నర నిజమైన బలానిది. ఒక మ్యాచ్‌లో రెండు జట్లుంటాయి కాబట్టి దాన్ని రెట్టింపు చేసి 91లోంచి తీసేస్తే 78 మిగులుతుంది, వర్గమూలం 8.8. ఆ 8.8తో ఇదే లెక్క మరోసారి తిప్పండి. ఊగిసలాట 8.7 దగ్గర నిలబడుతుంది. 12.25లో నిజమైన బలం వాటా ఆరు పదోవంతులు, అంటే 0.6 అని తేలుతుంది.

జట్ల సగటులను ఆ 0.6తో గుణించాలి. ఎ జట్టు ప్లస్ 5 కాస్తా ప్లస్ 3 అవుతుంది. బి జట్టు మైనస్ 2 కాస్తా మైనస్ 1.2 అవుతుంది. రెంటి మధ్య 4.2. తటస్థ వేదికలో అయితే ఇదే మన అంచనా. ప్రొ కబడ్డీ లీగ్ ఊరూరా తిరిగే పద్ధతిలో జరుగుతుంది కాబట్టి చాలా మ్యాచ్‌లు ఇద్దరికీ పరాయి ఊళ్లోనే పడతాయి. సొంత ఊరి లెక్క దాదాపు అవసరం ఉండదు.

ఇక ధర. అంచనా 4.2, ఊగిసలాట 8.7. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క వరుస చాలు:

```
=1-NORM.DIST(4.5, 4.2, 8.7, TRUE)
```

జవాబు 0.486. అంటే ఎ మైనస్ 4.5 నెగ్గే అవకాశం 48.6 శాతం. దాన్ని తిరగేస్తే, అంటే 1ని దాంతో భాగిస్తే, న్యాయమైన ధర 2.06, ఎదుటి వైపు 1.95. ఇందులో 5 శాతం కమీషన్ కలపాలంటే రెండు సంభావ్యతలనూ 1.05తో గుణించి తిరగేస్తే 1.96, 1.85 వస్తాయి.

ఇందాకటి రెండు పొరపాట్ల ఖరీదు ఇక్కడ కనిపిస్తుంది. సగటులను తగ్గించకుండా 7 అనుకుని, 6.5 లైన్‌ను సరిసమానంగా చూస్తే, నిజానికి ఎ వైపు అవకాశం 40 శాతమే. ఊగిసలాట తప్పు మధ్య లైన్‌లో దొరకదు. 4.2 దగ్గర ఏ వెడల్పు పెట్టినా దాదాపు సగమే వస్తుంది. మైనస్ 10.5 దగ్గరకు వెళ్లండి. 8.7తో లెక్కిస్తే 23 శాతానికి కొంచెం పైన, 5.2తో లెక్కిస్తే 11 శాతం. ధర నాలుగుకు కాస్త పైన ఉండాల్సింది తొమ్మిదికి దగ్గరగా పోతుంది. ప్రధాన లైన్ సరిగా ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లు పక్క లైన్లలో దెబ్బతినేది అందుకే.

నార్మల్ కర్వ్ కబడ్డీకి సరిగ్గా అతకని చోటు ఒకటుంది, 7 దగ్గర. ప్రొ కబడ్డీలో 11వ సీజన్ దాకా గెలిస్తే 5 లీగ్ పాయింట్లు, 7 లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే ఒక పాయింట్ ఉండేది. ఆఖరి రెండు నిమిషాల్లో 9 పాయింట్లు వెనకబడిన జట్టుకు ఇక గెలుపు కాదు, ఆ ఒక్క పాయింటే గురి. బోనస్ గీత దాటి ఒకటి, అవతలివాళ్ల మీద ట్యాకిల్ చేసి ఒకటి తెచ్చుకుంటే తేడా 7కు దిగుతుంది. అక్కడికి రాగానే రైడర్ తెగించడు. బాక్ లైన్ దాటి వెనక్కి వచ్చేస్తాడు. ఖాళీ రైడ్‌లో 30 సెకన్లు కరిగిపోతాయి. ఆధిక్యంలో ఉన్నవాళ్లకు విజయం ఖాయం కాబట్టి పెద్దగా తొందర ఉండదు. ఫలితంగా 8, 9 తేడాతో ముగియాల్సిన మ్యాచ్‌లు కొన్ని 7లోకి జారతాయి.

మన ఉదాహరణలో ఎ మైనస్ 7.5కు కర్వ్ చెప్పేది 35.2 శాతం. పాత స్కోర్లలో 5, 6, 7 ఎన్నిసార్లు వచ్చాయో, 8, 9, 10 ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి కర్వ్ చెప్పినదానితో పోల్చండి. రెండు శాతం 7లోకి జరిగిందని తేలితే 35.2 కాస్తా 33.2 అవుతుంది. ధర 2.84 నుంచి 3.01కి మారుతుంది. మొత్తం ఊగిసలాటను మార్చి దీన్ని సరిదిద్దబోతే మిగతా లైన్లన్నీ చెడతాయి. ఆ రెండు మూడు అంకెల దగ్గరే సర్దాలి.

అయితే 2025లో 12వ సీజన్‌కు ఈ నిబంధన మారింది. గెలిస్తే 2, ఓడితే సున్నా. 7లోపు ఓడినవాళ్లకు ఇచ్చే పాయింట్ పోయింది. లీగ్ దశలో టై అయితే ఐదు రైడ్ల షూటౌట్ వచ్చింది. కాబట్టి పాత సీజన్లలోని 7 గుట్టను కొత్త మ్యాచ్‌లకు మోయకూడదు. మొత్తం ఊగిసలాటకు పాత స్కోర్లు ఇంకా పనికొస్తాయి, కానీ 7 దగ్గరి సర్దుబాటు మాత్రం కొత్త నిబంధనల కింద ఆడిన మ్యాచ్‌ల నుంచే రావాలి. టై విషయంలో లైన్ 40 నిమిషాల స్కోరుకా, షూటౌట్ కలిపినదానికా అన్నది ముందే రాసుకోవాలి. స్కోర్లు ఎక్కించేటప్పుడూ అదే పద్ధతి పాటించాలి.

పది మ్యాచ్‌లు బోర్డుకు సరిపోతాయి కానీ పనికి సరిపోవు. పది మ్యాచ్‌ల నుంచి కట్టిన ఊగిసలాటలో దాదాపు రెండు పాయింట్ల పొరపాటు ఉండొచ్చు. 12 జట్లు తలా 22 మ్యాచ్‌లు ఆడిన సీజన్ తీసుకుంటే 132 లీగ్ మ్యాచ్‌లు దొరుకుతాయి. అప్పుడది అర పాయింట్‌కు తగ్గుతుంది.

లెక్క సరిగా ఉందో లేదో తేల్చే పరీక్ష ఒకటి చెబుతాను. ప్రతి పాత మ్యాచ్‌కు, ఆ మ్యాచ్‌కు ముందు ఉన్న స్కోర్లతోనే అంచనా కట్టండి. అంచనాలో ముందున్న జట్టు వైపు నుంచి చూసిన అసలు తేడాలోంచి ఆ అంచనా తీసేసి, మీ ఊగిసలాటతో భాగించండి. మైనస్ 1కి, ప్లస్ 1కి మధ్య సుమారు 68 శాతం మ్యాచ్‌లు పడాలి. మడతపెట్టిన 5.2 వాడి ఉంటే 45 శాతమే పడతాయి. 80 దాటితే మీ వెడల్పు మరీ ఎక్కువైందని అర్థం. 68 దగ్గర ఉండి కూడా ఒక వైపే ఎక్కువ పడుతుంటే తప్పు ఊగిసలాటలో లేదు, జట్ల సగటుల్లో ఉంది. అప్పుడు వెళ్లి వెతకాల్సింది ఆ 0.6 దగ్గర.