ఫోన్-ఇన్: ఉర్దూ కీబోర్డుతో రాసిన అరబీ ఉత్తరం

యాంకర్: నమస్కారం. ఉద్యోగ దరఖాస్తుల గురించి మాట్లాడుకునే మన కార్యక్రమానికి స్వాగతం. గల్ఫ్ స్కూళ్లలో ఇరవై ఏళ్లకు పైగా అరబీ పాఠం చెప్పి, టీచర్ల ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూడా కూర్చుని ఇప్పుడు హైదరాబాద్‌లో స్థిరపడిన మాస్టారు మనతో ఉన్నారు. మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: సలాం సార్, నమస్తే మేడం. మాది కర్నూలు. ఉస్మానియాలో ఎంఏ అరబిక్ చేశాను, బీఈడీ కూడా ఉంది. దుబాయ్‌లో ఒక ఇంటర్నేషనల్ స్కూల్ అరబీ టీచర్ కావాలని ప్రకటన ఇచ్చింది, కవర్ లెటర్ అరబీలోనే పంపమన్నారు. ఇంతకుముందు ఇలాగే ఆరు స్కూళ్లకు పంపాను సార్, ఒక్కరూ పలకలేదు. ఉత్తరం మీ ప్రోగ్రాం వాళ్లకు మెయిల్ చేశాను, చూశారా?

మాస్టారు: చూశానమ్మా, ప్రింట్ తీసి ముందు పెట్టుకున్నాను. వలైకుమ్ సలాం. ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఇది ఫోన్లో టైప్ చేశావా, ఉర్దూ కీబోర్డుతో?

కాలర్: (నవ్వు) అవును సార్, ఎలా తెలిసింది? రెండూ ఒకే లిపి కదా అని...

మాస్టారు: ఒకే లిపి కాదు తల్లీ, అక్కచెల్లెళ్లు. నీ ఉత్తరంలో ‘ఫీ’ అనే మాట తొమ్మిది చోట్ల ఉంది, ఒక్క దాంట్లోనూ చివరి ‘యా’ కింద రెండు చుక్కలు లేవు. ఉర్దూ కీబోర్డులో ఆ అక్షరం మాట చివర వస్తే చుక్కలు రావు, అరబీ కీబోర్డులో వస్తాయి. ‘కాఫ్’ కూడా అంతే. మాట చివర అరబీ కాఫ్ కడుపులో చిన్న గుర్తు ఉంటుంది, నీ కాఫ్‌కి పైన ఏటవాలు గీత ఉంది గానీ కడుపు ఖాళీ. ‘హా’ అయితే ఉర్దూ వాళ్లు దాని బదులు వాడే గోల్ హే అక్షరం. ఈజిప్టు వాళ్లు కూడా చివరి యాకి చుక్కలు పెట్టరు, అది వాళ్ల అలవాటు, కానీ ఈ మూడూ ఒకేచోట కనబడితే అరబీ చదివేవాడికి ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చిందో మొదటి లైన్లోనే తెలిసిపోతుంది. ఉర్దూ రావడం తప్పేం కాదు, నేనూ ఉర్దూ వాడినే. కానీ నువ్వు అడుగుతున్నది పిల్లలకు ఆ అక్షరాలు దిద్దించే ఉద్యోగం కదా.

యాంకర్: కంటికి తేడా కనబడని చోట్ల కూడా ఇబ్బందేనా మాస్టారూ?

మాస్టారు: అదే అసలు తిప్పలు. మాట మధ్యలో ఉర్దూ యా, అరబీ యా చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ కంప్యూటర్ లెక్కలో అవి వేరే అక్షరాలు. హెచ్‌ఆర్ వాళ్లు ఫైళ్లలో ‘అరబియ్య’ అని వెతికితే ఈమె ఉత్తరంలో ఆ మాట ఉన్నా దొరక్కపోవచ్చు. అమ్మా, ఇంటికెళ్లాక ఒక పని చెయ్యి. ఫోన్లో అరబీ కీబోర్డు విడిగా యాడ్ చేసుకుని, దాంతో ఆ ఒక్క మాట టైప్ చేసి నీ ఉత్తరంలో వెతికి చూడు. దొరక్కపోతే అక్షరాలు ఉర్దూవే. ఒక్కో అక్షరాన్ని ఫైండ్-రిప్లేస్‌తో మార్చుకోవచ్చు, కానీ గోల్ హే విషయంలో జాగ్రత్త, కొన్నిచోట్ల అక్కడ ‘హా’ రావాలి, కొన్నిచోట్ల పైన రెండు చుక్కలున్న ‘తా మర్బూతా’ రావాలి. ఒక పేజీయే కదా, మొత్తం మళ్లీ టైప్ చేసుకోవడమే మేలు. చేస్తున్నప్పుడు ‘అలా’ అనే అరబీ మాట దగ్గర కూడా చూసుకో. ‘ఎంఏ పట్టా పొందాను’ అనడానికి ‘హసల్తు అలా’ అని రాయాలి, ఆ ‘అలా’ చివర చుక్కలు ఉండకూడదు. చుక్కలు పెట్టావా, అది ‘అలీ’ అవుతుంది. పట్టా బదులు అలీని పొందినట్టు.

కాలర్: అయ్యో! సరే సార్. గ్రామర్ బాగానే ఉందా?

మాస్టారు: ఉందనే అనుకున్నాను, రెండో పేరా వచ్చేదాకా. ‘ఖిబ్రత్ థలాథత్ సనవాత్’ అని రాశావు, మూడేళ్ల అనుభవం అని. ఎంఏ చేశావు, నువ్వే చెప్పు.

కాలర్: (కాసేపు ఆగి) ‘థలాథ్ సనవాత్’ రావాలి. సన స్త్రీలింగం కాబట్టి అంకె పురుష రూపంలో ఉండాలి.

మాస్టారు: చూశావా, నోటికి వస్తుంది, చేత్తో రాయలేదు. మన శ్రోతల కోసం చెబుతాను. అరబీలో 3 నుంచి 10 వరకు అంకె, వస్తువు ఎదురుబొదురు నడుస్తాయి. వస్తువు స్త్రీలింగమైతే అంకెకు ‘త’ ఉండదు, పురుషలింగమైతే ‘త’ చేరుతుంది. మూడు పుస్తకాలంటే ‘థలాథత్ కుతుబ్’, మూడేళ్లంటే ‘థలాథ్ సనవాత్’. పది దాటితే ఇంకో మెలిక. పదిహేనుమంది విద్యార్థులు అన్నప్పుడు మన భాషలో బహువచనమే వస్తుంది, అక్కడ ఏకవచనం రావాలి, ‘ఖమ్సత అషర తాలిబన్’. ఈమె ‘తుల్లాబ్’ అని బహువచనం పెట్టింది. కవర్ లెటర్లో అంకెలు తప్పనిసరిగా వస్తాయి, ఎన్నేళ్లు, ఎంతమంది, ఎన్ని తరగతులు అని, అందుకే ప్యానెల్లో మా కళ్లు ముందు అక్కడికే పోయేవి. చాలామంది ఈ గొడవెందుకని అంకెను అక్షరాల్లో రాయకుండా అంకెగానే వేస్తారు. అది తప్పు కాదు గానీ, అరబీ టీచర్ అలా తప్పించుకుంటే తెలిసిపోతుంది.

యాంకర్: ఇవి ఎక్కడైనా దొరికే నమూనా ఉత్తరం చూసి రాస్తే వచ్చే తప్పులా?

మాస్టారు: నమూనా తప్పులు వేరే ఉన్నాయి. ఈ ఉత్తరంలో ‘అన ఖిర్రీజ్’ అని ఉంది, అంటే నేను పట్టభద్రుడిని. ఆమె ‘ఖిర్రీజా’ అని రాసుకోవాలి. ఆ తర్వాత ‘ముఅల్లిమ్’ ఉద్యోగానికి అన్నది, తనకు ‘ముఅల్లిమా’ కదా. పైన ‘అస్సయ్యిద్ అల్ ముదీర్’ అని సంబోధించింది, కానీ ఆ స్కూల్ వెబ్‌సైట్లో చూస్తే ప్రిన్సిపాల్ ఒక మహిళ. ‘అస్సయ్యిద అల్ ముదీర’ అనాలి. ఎవరో తెలియకపోతే ‘ఇదారతుల్ మద్రసా’, అంటే స్కూల్ యాజమాన్యానికి అని రాస్తే సరిపోతుంది. ఎవరో మగాయన రాసిన ఉత్తరాన్ని దింపుకుని పేరు మార్చావు కదమ్మా?

కాలర్: ...అవును సార్.

మాస్టారు: పోనీలే, అందరూ చేసేదే. దానికంటే నన్ను ఇబ్బంది పెట్టింది మూడో పేరా. కష్టపడతాను, నిజాయితీ ఉంది, ఒత్తిడిలో పనిచేస్తాను అని రాసి, తర్వాత ముతనబ్బీ కవిత్వం మీద నీ ఎంఏ ప్రాజెక్టు గురించి ఎనిమిది లైన్లు రాశావు. ప్రకటన మళ్లీ చదువు. వాళ్లకు కావలసింది ‘లిన్నాతిఖీన బిఘైరిహా’, అరబీ మాతృభాష కాని పిల్లలకు చెప్పే టీచర్. దుబాయ్ ప్రైవేటు స్కూళ్లలో అరబ్బులు కాని పిల్లలకూ తొమ్మిదో గ్రేడ్ దాకా అరబీ తప్పనిసరి, అంచేత క్లాసులో మలయాళీ, ఫిలిప్పీనో, బ్రిటిష్ పిల్లలు కలిసి కూర్చుంటారు. వాళ్లకు పదో శతాబ్దపు కవి దేనికి? నీ స్కూల్లో బాగా పండిన పాఠం ఒకటి చెప్పు చూద్దాం.

కాలర్: మూడో తరగతికి మాట ముందు చేరే ‘అల్’ చెప్పాను సార్. చంద్రుడు అనే అల్ ఖమర్‌లో లామ్ అక్షరం వినిపిస్తుంది, సూర్యుడు అనే అల్ షమ్స్‌ని మాత్రం అష్షమ్స్ అనాలి కదా. పిల్లలు ఎంత చెప్పినా అల్ షమ్స్ అనే చదివేవాళ్లు. అప్పుడు తెలుగు మీడియం నుంచి వచ్చిన పాపను పిలిచి, ‘సత్’, ‘జనుడు’ కలిస్తే ఏమవుతుంది అని అడిగాను. ‘సజ్జనుడు’ అంది. ఇదీ అంతేనమ్మా, ముందున్న అక్షరం పక్కదానిలోకి ఒదిగిపోతుంది అన్నాను. ఆ తర్వాత గదిని రెండుగా చేసి లామ్ ఒదిగిపోయే సూర్యుడి అక్షరాల కార్డులు కిటికీ వైపు, లామ్ వినిపించే చంద్రుడి అక్షరాలు గోడ వైపు పెట్టించాను, చెరి పద్నాలుగు. మాట చదివి పరిగెత్తి సరైన వైపు నిలబడాలి. వారంలో దాదాపు అందరికీ వచ్చేసింది.

మాస్టారు: ఇదిగో, ఇది ఉత్తరంలో ఎందుకు లేదు?

కాలర్: చిన్న విషయం కదా సార్...

మాస్టారు: మూడో పేరా మొత్తం కొట్టేసి ఇదే పెట్టు, ఐదారు వాక్యాల్లో. సజ్జనుడి సంగతి వాళ్లకు అర్థం కాదు కాబట్టి, పిల్లల మాతృభాషలో ఇలాంటి మార్పు ఉంటే దాని నుంచి మొదలుపెట్టానని రాయి. పిల్లల తప్పు ఏమిటి, నువ్వేం చేశావు, ఎన్ని రోజులకు సరిదిద్దుకున్నారు, అంతే. ముతనబ్బీ ఒక్క లైన్లో రెజ్యూమేలో ఉంటాడు. ఒకటి మాత్రం దాచకుండా చెబుతాను, ఇలాంటి పోస్టులకు ఈజిప్టు, జోర్డాన్, సిరియా వాళ్లు కూడా పోటీ పడతారు, అరబీ మాతృభాష అయినవాళ్లే కావాలనే స్కూళ్లూ ఉన్నాయి. ప్రకటనలో ఆ మాట ఉంటే నీ టైమ్ వృథా. లేకపోతే నీకున్న బలం ఇదే, అరబీని పరాయి భాషగా నేర్చుకున్నదానివి కాబట్టి పిల్లవాడు ఎక్కడ తడబడతాడో నీకు ముందే తెలుసు.

యాంకర్: ఇంకో లైన్ ఎదురుచూస్తోంది మాస్టారూ, నిజామాబాద్ నుంచి. చెప్పండి.

రెండో కాలర్: సార్, నేను డిగ్రీలో అరబిక్ తీసుకున్నా. మాది హిందూ కుటుంబం. ఉత్తరం మొదట్లో అస్సలాము అలైకుమ్ అని నేను రాయొచ్చా, రాస్తే నటించినట్టు ఉంటుందా?

మాస్టారు: రాయొచ్చు బాబూ, ఎవరూ తప్పుపట్టరు. నీకు మొహమాటంగా ఉంటే ‘తహియ్య తయ్యిబ వ బఅద్’ అని పెట్టు, మంచి నమస్కారాలు, ఇక విషయానికొస్తే, అన్నట్టు. అరబ్ క్రైస్తవులూ, ప్రభుత్వ ఆఫీసులూ అందరూ వాడేదే. ఆ ‘బఅద్’ తర్వాత వచ్చే మొదటి క్రియకు ముందు ‘ఫ’ తగిలించు. ‘ఫ-యసుర్రునీ’, అంటే సంతోషంగా దరఖాస్తు చేస్తున్నాను అని మొదలవుతుంది. ఇంగ్లీషులో ‘ఈ ఉత్తరం రాస్తున్నది ఎందుకంటే’ అని మొదలుపెట్టే అలవాటును అరబీలోకి మోసుకురావద్దు, అర్థమవుతుంది గానీ ఎబ్బెట్టుగా ఉంటుంది.

రెండో కాలర్: చివర్లో ఏం రాయాలి సార్?

మాస్టారు: ‘వ తఫద్దలూ బిఖబూల్ ఫాయిఖిల్ ఇహ్తిరామ్’. మా గౌరవాన్ని స్వీకరించండి అని. పాత మాటే, ఎప్పుడూ పనిచేస్తుంది.

యాంకర్: కర్నూలు అమ్మాయి ఇంకా లైన్లోనే ఉన్నట్టున్నారు.

మొదటి కాలర్: సార్, ఒక్క డౌట్. పీడీఎఫ్ చేశాక నా ఫోన్ నంబర్ అటూ ఇటూ అయినట్టుంది. మొదటి ఐదంకెలు చివరికి పోయాయి.

మాస్టారు: అంకెల మధ్య ఖాళీ ఇచ్చావు కదా? పేరా కుడి నుంచి ఎడమకు పోతుంటే ఖాళీ దగ్గర విరిగిన ముక్కలు తారుమారు అవుతాయి, ముందున్న ప్లస్ గుర్తు కూడా అటువైపు దూకుతుంది. ఖాళీలు తీసేసి, నంబర్‌కీ మెయిల్‌కీ విడి లైన్ ఇచ్చి, ఆ లైన్ మాత్రం ఎడమ నుంచి కుడికి పెట్టు. పీడీఎఫ్ తెరిచి ఆ నంబర్‌ను చూస్తూ నీ తమ్ముడి ఫోన్ నుంచి ఒకసారి డయల్ చేయించు, నీది మోగితే పంపెయ్యి. ఆ ఆరు స్కూళ్లకూ ఇదే ఫైల్ వెళ్లిందా?

మొదటి కాలర్: అవును సార్... అదే ఫైల్.

మాస్టారు: అయితే వాళ్లలో ఎవరైనా ఫోన్ చేశారో లేదో మనకు తెలియదన్నమాట. ప్రకటన ఇంకా తెరిచి ఉన్న చోట్లకు కొత్తది పంపు.