అడుగు రేటు 5,500 అన్నారు, నిజంగా పడింది 9,100

ఒక వ్యూయర్ అడిగారు: "అన్నా, విజయవాడ పక్కన పోరంకిలో 1,200 ఎస్ఎఫ్‌టీ ఫ్లాట్, అడుగు 5,500 చెప్పారు. కానూరులో 1,150 ఎస్ఎఫ్‌టీ, అడుగు 5,900 అంటున్నారు. పోరంకిదే చవక కదా?"

కాదండీ. మీరు పంపిన ప్లాన్ల ప్రకారం కానూరుదే చవక. లెక్క చూద్దాం.

పోరంకి ఫ్లాట్ 66 లక్షలు. దానికి కారు పార్కింగ్ 3 లక్షలు, కరెంటు, నీళ్లు, జనరేటర్‌కి 2 లక్షలు కలిపితే 71 లక్షలు. కానూరుది 67 లక్షల 85 వేలు, మిగతావన్నీ కలిపి 3 లక్షల 15 వేలు. అదీ 71 లక్షలే. చేతి నుంచి పోయే డబ్బు ఒకటే కాబట్టి జీఎస్టీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఇప్పటికి పక్కన పెడదాం.

ఇప్పుడు కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాట్ లోపల మీరు నిజంగా వాడుకునే చోటు. పోరంకిది 780, కానూరుది 820. మొత్తం డబ్బుని దీంతో భాగించండి. పోరంకిలో అడుగు సుమారు 9,100 పడుతోంది. కానూరులో 8,660. కార్పెట్‌లో తేడా నలభై అడుగులు. అంటే ఐదు బై ఎనిమిది బాత్రూం ఒకటి. అదే డబ్బుకి కానూరులో అంత చోటు ఎక్కువ వస్తోంది.

పోరంకిలో మిగతా 420 అడుగులు ఎటు పోయాయి? బాల్కనీ, వాష్ ఏరియా 70, బయటి గోడలు 60. ఇవైనా మీ ఫ్లాట్‌కి అంటి ఉన్నవే. మిగిలిన 290 అడుగులు కారిడార్, మెట్లు, లిఫ్టు, జిమ్, వాచ్‌మన్ గది లాంటి వాటిలో మీ వంతు. 5,500 చొప్పున చూస్తే దాదాపు 16 లక్షలు! కానూరులో ఈ వంతు 195 అడుగులే, ఎందుకంటే జిమ్ లేదు, కారిడార్ పొట్టిది. జిమ్ కావాలనుకునేవాళ్లు తీసుకోవచ్చు, తప్పేం లేదు. కానీ దానికి ఎంత కడుతున్నారో తెలిసి తీసుకోవాలి.

ఫ్లాట్ల అమ్మకాలని నియంత్రించే రెరా చట్టంలో కార్పెట్ ఏరియాకి నిర్వచనం ఉంది. లోపలి గదుల చోటు, గదుల మధ్య పార్టిషన్ గోడలు లెక్కలోకి వస్తాయి. బయటి గోడలు, పైపులు వెళ్లే షాఫ్టులు, బాల్కనీ, ఓపెన్ టెర్రస్ రావు. కారిడార్, మెట్ల వంతు కూడా కలిపి చెప్పే 1,200 లాంటి అంకెని సూపర్ బిల్టప్ అంటారు, దానికి ఆ చట్టంలో అలాంటి కొలత లేదు. అందుకే రెండు బ్రోచర్లలోని ఎస్ఎఫ్‌టీలని పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. కొందరు బాల్కనీని కూడా కలిపేసి "కార్పెట్" అని చెప్తారు. కాబట్టి "బాల్కనీ కాకుండా ఎంత?" అని విడిగా అడగండి, కాగితం మీద రాయించుకోండి.

పోరంకి ప్లాన్ నేను టిక్కు పెట్టుకుంటూ కూడాను. హాలు, డైనింగ్ కలిపి 11 బై 23 అంటే 253. పెద్ద బెడ్‌రూమ్ 11 బై 13, రెండోది పదిన్నర బై 12, వంటగది 8 బై 10, బాత్రూంలు రెండూ ఐదు బై ఎనిమిది, నడవా 40, పూజ గది 12. మొత్తం 734. నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడలు ఎనభై అడుగుల పొడవు ఉన్నాయి, వాటి కింద చోటు 30. కలిపితే 764. చెప్పింది 780. అంటే 16 అడుగులు తక్కువ. 9,100 లెక్కన లక్షా 45 వేలు. ఈ పదహారు అడుగులు ఎక్కడున్నాయో చూపించమని బిల్డర్‌ని అడగండి. గదుల కొలతలు గుండ్రంగా రాసి ఉండొచ్చు, లేదా షాఫ్ట్ కలిపేసి ఉండొచ్చు. ఫ్లాట్ పూర్తయ్యాక టేపు పెట్టి మళ్లీ కొలవండి.

రెరా రిజిస్ట్రేషన్ ఉన్న ప్రాజెక్ట్ అయితే rera.ap.gov.in లో కార్పెట్ వివరాలు వెతకండి. ఇక్కడ మన ఊళ్లో ఒక చిక్కు ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సందుల్లో కట్టే చిన్న అపార్ట్‌మెంట్లు చాలా వరకు ఇలాంటివే. అలాంటిచోట అప్రూవ్డ్ ప్లాన్ కాపీ తీసుకుని మీరే గదులు కూడాలి.

అడ్వాన్స్ విషయం కూడా చెప్తాను. రెరా ప్రాజెక్ట్‌లో రిజిస్టర్డ్ సేల్ అగ్రిమెంట్ రాయకుండా 10 శాతం మించి తీసుకోకూడదు. ఆ అగ్రిమెంట్‌లో కార్పెట్ ఏరియా అంకె ఉందా, చివరికి తగ్గితే డబ్బు వెనక్కిచ్చే షరతు ఉందా చూడండి. సూపర్ బిల్టప్ ఒక్కటే రాసుంటే, కార్పెట్ చేర్చిన తర్వాతే సంతకం పెట్టండి.