కూర్చున్న రెండు నిమిషాల్లో ఫస్ట్ లైన్ రాయాలంటే టేబుల్ ఎలా సర్దుకోవాలి

[స్క్రీన్ మీద: పై నుంచి తీసిన టేబుల్ షాట్. పుస్తకాల గుట్ట, ఫోన్, ఛార్జర్ వైరు, మూత లేని పెన్ను.]

ఈ వీడియోలో ఒకే ఒక్క కొలత గురించి మాట్లాడుకుందాం. మీరు కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి పేపర్ మీద ఫస్ట్ లైన్ రాసేదాకా ఎంతసేపు పడుతోంది? ఇవాళ చదవడానికి కూర్చున్నప్పుడు గోడ గడియారం చూసి టైమ్ నోట్ చేసుకోండి, మళ్ళీ ఫస్ట్ లైన్ రాయగానే ఇంకోసారి చూడండి. ఫోన్‌లో మాత్రం చూడొద్దు, ఎందుకో ముందు ముందు చెప్తా.

ఒక స్టూడెంట్ సాయంత్రం 7 గంటలకి మ్యాథ్స్, ఇంటిగ్రేషన్ లెక్కలు ప్రాక్టీస్ చేద్దామని కూర్చున్నాడు అనుకుందాం. ముందు టేబుల్ మీదున్నవి పక్కకి జరపాలి, తర్వాత బ్యాగ్‌లోంచి నోట్‌బుక్ తీయాలి, నిన్న ఎక్కడ ఆపాడో వెతకాలి, పెన్ను పట్టుకుంటే రాయట్లేదు, ఇంకో పెన్ను వెతకాలి, కాలిక్యులేటర్ ఏమో ఫోన్‌లో ఉంది, ఫోన్ తీశాడు, పైన మూడు మెసేజ్‌లు కనిపించాయి... ఇంక అంతే. గడియారం చూస్తే 7:25, పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.

ఇందులో ఒక్కో పనికి అర నిమిషం కూడా పట్టదు, నిజమే, కానీ ప్రతి పని దగ్గరా మనసు పక్కకి జారే ఛాన్స్ ఉంది. అందుకే టేబుల్ అందంగా కనిపించడం కోసం సర్దొద్దు, కూర్చోవడానికీ రాయడానికీ మధ్య ఉన్న ఈ చిన్న చిన్న పనుల్ని తీసేయడానికి సర్దండి.

[స్క్రీన్ మీద: తెరిచి ఉన్న నోట్‌బుక్, ఒక లైన్ రాసి ఉంది.]

అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ఏంటంటే, రేపటి టేబుల్‌ని ఇవాళే రెడీ చేయడం. చదువు ఆపేముందు చివరి మూడు నిమిషాలు దీనికే ఉంచుకోండి. అయిపోయిన పుస్తకాలు తీసేయండి, రేపు మొదలుపెట్టాల్సిన పేజీ తెరిచి పెట్టండి, ఆ పేజీ మీద ఫస్ట్ చేయాల్సిన పని మీ చేత్తోనే రాయండి. "ఇంటిగ్రేషన్ కంటిన్యూ చేయాలి" అని రాస్తే లాభం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలో రేపు మళ్ళీ ఆలోచించుకోవాలి. దానికి బదులు లెక్క మొత్తం దించేసి ఇలా రాయండి:

```
∫ x cos x dx    u = x, dv = cos x dx
```

రేపు కూర్చోగానే du, v రాయడమే, ఆలోచించడానికి ఏమీ లేదు, ఆ రెండూ రాసేసరికి లెక్కలో పడిపోతారు. థియరీ సబ్జెక్ట్ అయితే ఒక ప్రశ్న రాసి, జవాబులో మొదటి సగం వాక్యం రాసి వదిలేయండి. పెన్ను ఆ పేజీ మీదే పెట్టండి, పెట్టేముందు ఒక గీత గీసి రాస్తోందో లేదో చూడండి.

మీకంటూ సొంత టేబుల్ లేదా, ఇంట్లో అందరూ వాడే టేబులేనా? అప్పుడు ఒక ట్రే తీసుకోండి, లేదంటే అట్టపెట్టె అయినా పర్లేదు. తెరిచిన నోట్‌బుక్, టెక్స్ట్‌బుక్, పెన్నులు, కాలిక్యులేటర్ అన్నీ అందులోనే ఉండాలి. ఒక్కసారి ఎత్తి టేబుల్ మీద పెడితే సెటప్ అయిపోవాలి. సబ్జెక్ట్‌కో ట్రే ఉంటే ఇంకా మంచిది, ఒకే ట్రేలో అన్ని సబ్జెక్ట్‌లూ కుక్కితే మళ్ళీ వెతుకులాటే.

[స్క్రీన్ మీద: టేబుల్ మీద చాక్‌తో రెండు అర్ధచంద్రాకారాలు గీస్తున్న చెయ్యి.]

ఇప్పుడు ఏది ఎక్కడ పెట్టాలో చూద్దాం. మోచేతులు ఒంటికి ఆనించి ముంజేతులు టేబుల్ మీద అటూ ఇటూ తిప్పండి, అది లోపలి గీత. ఇవాళ్టి సెషన్‌లో వాడేవి మాత్రమే అక్కడుండాలి. చెయ్యి పూర్తిగా చాపితే అందేది రెండో గీత, అక్కడ కాలిక్యులేటర్, చిన్న గడియారం, నీళ్ళు, ఒక తెల్లకాగితం. మిగతావి ఏవైనా సరే, కుర్చీలోంచి లేస్తే తప్ప అందకూడదు.

ఫోన్ అయితే వేరే గదిలోనే ఉండాలి. ఏడ్రియన్ వార్డ్ టీమ్ 2017లో పబ్లిష్ చేసిన స్టడీలో, ఫోన్ వేరే గదిలో పెట్టినవాళ్ళు మెమరీ టెస్టుల్లో, ఫోన్ టేబుల్ మీద పెట్టుకున్నవాళ్ళ కంటే బాగా చేశారు, అదీ ఫోన్లు సైలెంట్‌లో ఉండగానే. తర్వాత వేరేవాళ్ళు చేసిన కొన్ని స్టడీల్లో ఆ తేడా కనిపించలేదు కాబట్టి నేను దాని మీద ఆధారపడి చెప్పట్లేదు. నా కారణం సింపుల్, లెక్క కష్టంగా అనిపించిన ఆ క్షణంలో చెయ్యి దేన్ని అందుకోగలదో దాని మీదకే పోతుంది. లేచి నడిచి వెళ్ళాల్సి వస్తే, ఆ నాలుగు అడుగుల్లో "నేనెందుకు లేచాను" అని గుర్తొచ్చే టైమ్ దొరుకుతుంది.

అయితే ఫోన్ తీసేస్తే సరిపోదు, అది చేసే పనులు ఇంకోటేదైనా చేయాలి. టైమ్‌కి గడియారం, లెక్కలకి విడి కాలిక్యులేటర్. మధ్యలో గుర్తొచ్చే "ఇది గూగుల్ చేయాలి, వాడికి మెసేజ్ పెట్టాలి" లాంటివన్నీ ఇందాక చెప్పిన తెల్లకాగితం మీద రాసేసి ముందుకెళ్ళండి, బ్రేక్‌లో చూసుకోవచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఛార్జర్‌ని ఈ టేబుల్ దగ్గర నుంచి తీసేయండి, ఛార్జర్ ఎక్కడుంటే ఫోన్ అక్కడికే చేరుతుంది. ఇంట్లోవాళ్ళ కాల్ వస్తుందేమో అని భయం ఉంటే వాళ్ళ నంబర్లకి మాత్రం రింగ్ వచ్చేలా పెట్టి, సౌండ్ పెంచి, పక్క గదిలోనే ఉంచండి.

లాప్‌టాప్‌లో చదవాల్సినవాళ్ళు చదువు కోసమే వేరే యూజర్ అకౌంట్ క్రియేట్ చేసుకోండి, అందులో సోషల్ మీడియా ఏదీ లాగిన్ అయి ఉండకూడదు. పాస్‌వర్డ్ కొట్టాల్సి రావడం చిన్న అడ్డంకే, కానీ చాలాసార్లు అదే సరిపోతుంది.

[స్క్రీన్ మీద: కుడిచేత్తో రాస్తున్న చెయ్యి, ల్యాంప్ మొదట కుడివైపు, తర్వాత ఎడమవైపు.]

ఇక లైటింగ్. కుడిచేత్తో రాసేవాళ్ళకి ల్యాంప్ ఎడమవైపు, కొంచెం ముందుకి ఉండాలి, ఎడమచేతివాళ్ళకి కుడివైపు. లేకపోతే మీరు రాసే అక్షరం మీదే మీ చెయ్యి నీడ పడుతుంది. బల్బ్ నేరుగా కళ్ళకి కనిపించకూడదు, షేడ్ అంచు కంటి లెవెల్ కంటే కిందకి ఉంటే చాలు. వెలుతురు తక్కువగా ఉందనిపిస్తే పెద్ద బల్బ్ కొనేముందు ల్యాంప్‌ని దగ్గరికి జరిపి చూడండి, చిన్న బల్బ్‌ని సగం దూరానికి తెస్తే పేజీ మీద వెలుతురు దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. గది లైట్ కూడా వేసే ఉంచండి, చుట్టూ చీకటి ఉండి పేజీ ఒక్కటే వెలుగుతుంటే కళ్ళు త్వరగా అలసిపోతాయి.

నున్నటి పేపర్ పుస్తకాలు మెరుస్తున్నాయా? చిన్న అద్దం పేజీ మీద పెట్టి, మీరు చదివే పొజిషన్‌లోంచే అందులోకి చూడండి. అద్దంలో బల్బ్ కనిపిస్తే మెరుపు అక్కడి నుంచే వస్తోందన్నమాట, అది కనిపించకుండా పోయేదాకా ల్యాంప్ పక్కకి జరపండి. లాప్‌టాప్ అయితే కిటికీ మీ ముందూ వెనకా కాకుండా పక్కన ఉండేలా తిప్పండి.

ఒక వారం తర్వాత మళ్ళీ టైమ్ కొలవండి. రెండు నిమిషాలు దాటుతుంటే, లోపలి గీతలో ఇవాళ్టి సెషన్‌కి పనికిరాని వస్తువు ఏం చేరిందో చూడండి, ఏదో ఒకటి మెల్లగా వచ్చే ఉంటుంది. అక్కడ అంతా క్లీన్‌గా ఉండి కూడా మొదలవట్లేదంటే, మీరు ముందురోజు రాసుకున్న ఫస్ట్ లైన్ చదవండి, అది చాలా పెద్ద పని అయి ఉంటుంది. "చాప్టర్ చదవాలి" అని ఉంటే కొట్టేసి, ఆ చాప్టర్‌లో మొదటి పేరా చదివి మూడు పాయింట్లు రాయాలి అని మార్చండి.