ఒక్క పైసాయంత్రం: కంప్యూటర్ గొంతుకు పెట్టిన పరీక్ష

నమస్కారం. విశాఖలో టూరిస్టు బస్సులు నడిపే మిత్రుడొకడు ప్రయాణికులకు పంపే ప్రకటనను కంప్యూటర్ గొంతుతో చదివించి, "గొంతు బాగుంది గానీ చదవడం రాదు" అన్నాడు. గొంతు పేరు చెప్పను. ముందు ఆయన రాసింది చూస్తూ వినండి.

"ఆర్.కె. బీచ్ నుంచి అరకు సుమారు 115 కి.మీ. 2 పిల్లలున్న కుటుంబానికి రూ. 1,250 తగ్గింపు. తిరుగు ప్రయాణం సా. 5.30కి. అదనంగా తీసుకోం ఒక్క పైసా."

విన్నారా? "ఆర్" అని ఆగింది, "కె" అని మళ్లీ ఆగింది. చుక్క కనిపిస్తే వాక్యం ముగిసిందనుకుంది. 5.30ని "ఐదు పాయింట్ మూడు సున్నా" అని దశాంశంగా చదివింది. దాని తప్పేమీ లేదు, మనం రాసిందే అలా ఉంది. "ఐదున్నరకు" అని రాస్తే సరిపోతుంది.

రూ. దగ్గర అసలు చిక్కు ఉంది. దాన్ని పూర్తిగా రాస్తే "రూపాయలు వెయ్యి రెండు వందల యాభై తగ్గింపు" అవుతుంది. ఇంట్లో ఎవరైనా అలా అంటారా? "వెయ్యి రెండు వందల యాభై రూపాయల తగ్గింపు" అంటాం. మాట వెనక్కి జరిగింది, "రూపాయలు" కాస్తా "రూపాయల" అయింది. "2 పిల్లలు" కూడా అంతే. అంకె చూసి "రెండు" అంటుంది, మనకు కావలసింది "ఇద్దరు". అందుకే తెలుగులో అంకెలను వాక్యం చదువుకుంటూ మనిషే మార్చాలి.

కి.మీ. చివరి చుక్క రెండు పనులు చేస్తోంది: పొట్టి మాటకు గుర్తు, వాక్యానికి ముగింపు. "కిలోమీటర్లు" అని మార్చి చుక్క మరిచిపోతే "కిలోమీటర్లు ఇద్దరు పిల్లలున్న" అని ఒకే ఊపిరిలో వెళ్లిపోతుంది. నాకు అదే జరిగింది.

ఇంకో పొరపాటు కూడా నాదే. "సా." ఉన్న చోటల్లా "సాయంత్రం" పెట్టమని ఒకేసారి మార్పించాను. చివరి వాక్యం "ఒక్క పైసాయంత్రం" అయి కూర్చుంది! "సా."కు ముందు ఖాళీని కూడా కలిపి వెతికితే పైసా బతుకుతుంది.

బీచ్ పేరు ఎలా పలకాలో గొంతుకు చెప్పడానికి నేను వాడిన ట్యాగు ఇది. తెరమీద పాత పేరే ఉంటుంది, గొంతు మాత్రం పూర్తి పేరు పలుకుతుంది.

```
<sub alias="రామకృష్ణ బీచ్">ఆర్.కె. బీచ్</sub>
```

కొన్ని సాధనాలు ట్యాగును పట్టించుకోవు, కొన్ని దాన్నే చదివేస్తాయి. అలాంటి చోట నేరుగా "రామకృష్ణ బీచ్" అని రాయడమే మేలు.

ఇప్పుడు సరిచేసిన ఆడియో వినిపిస్తాను. తెరమీద అక్షరాలు తీసేస్తున్నాను. రాసింది చూస్తూ వింటే, తప్పు చదివినా మన చెవి సరిదిద్దుకుని వినేస్తుంది.