జిన్నింగ్ మిల్లు పుస్తకాల్లో గుడ్‌విల్ ఎందుకు కరిగిపోతుంది?

అందరికీ నమస్కారం. వరంగల్‌లో ఉన్నాం కాబట్టి పత్తి మిల్లు లెక్కతోనే చెప్తాను. అంకెలు ఉదాహరణకే.

ఒక కంపెనీ నడుస్తున్న జిన్నింగ్ మిల్లును కొన్నది. ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలే నికర విలువ కంటే 2 కోట్లు ఎక్కువిచ్చింది. ఆ 2 కోట్లే గుడ్‌విల్. కొన్నేళ్లకు చుట్టూ కొత్త మిల్లులొచ్చాయి, పత్తి రాక తగ్గింది. పుస్తకాల్లో స్థలం, షెడ్లు 3 కోట్లు, యంత్రాలు 5 కోట్లు, గుడ్‌విల్ 2 కోట్లు, మొత్తం 10 కోట్లు. తరుగుదల ఏటేటా వేస్తూనే ఉన్నారు, కానీ అది వాడకపు అరుగుదలను పంచే లెక్క. మిల్లు సంపాదన పడిపోయిందన్న సంగతి అందులోకి రాదు.

ఆస్తుల విలువ పడిపోతే ఏం చేయాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 36 రెండు అంకెలు అడుగుతుంది: ఖర్చులు పోను అమ్మితే ఎంత, నడిపితే ఎంత. యజమాని ఏది లాభమో అదే చేస్తాడు గనుక రెండింట్లో పెద్దదే తీసుకోవాలి. అమ్మితే 6.5 కోట్లు. నడిపితే ఐదేళ్లు ఏటా 1.8 కోట్లు, చివర్లో 1.25 కోట్లు చేతికొస్తాయనుకుందాం. 12 శాతం చొప్పున ఈ రోజు విలువకు తెస్తే సుమారు 7.2 కోట్లు. 10 కోట్లలోంచి తీసేస్తే నష్టం 2.8 కోట్లు.

నష్టం ముందు గుడ్‌విల్‌నే తింటుంది, 2 కోట్లూ పోతాయి. మిగిలిన 80 లక్షలను ఆస్తుల మీద వాటి పుస్తక విలువల నిష్పత్తిలో పంచాలి. కానీ ఏ ఆస్తినీ అది విడిగా అమ్ముడయ్యే ధర కంటే కిందికి దించకూడదు. ఇక్కడ స్థలం, షెడ్లకు 3.4 కోట్లు పలుకుతుంది కాబట్టి వాటిని ముట్టుకోం. మొత్తం 80 లక్షలూ యంత్రాల మీదే పడి, అవి 4.2 కోట్లకు దిగుతాయి. వచ్చే ఏటి నుంచి తరుగుదల కూడా ఈ కొత్త విలువ మీదే.

ఈ నష్టానికి చేతిలోంచి రూపాయి బయటికి పోదు. ఎక్కువ ఇచ్చిన డబ్బు కొన్న రోజే పోయింది, లాభనష్టాల పట్టీలోకి ఇప్పుడొచ్చింది, అంతే.

ఆడిటర్ గట్టిగా నిలబడాల్సింది అంచనాల దగ్గర. అదే మిల్లుకు 12 బదులు 10 శాతం వాడితే విలువ 7.6 కోట్లై నష్టం 40 లక్షలు తగ్గుతుంది. కాబట్టి ఆ రేటు ఎక్కడిదో కాగితం మీద చూపించాలి. అప్పు వడ్డీ, ఆదాయపు పన్ను నగదు అంచనాలోకి రాకూడదు, రేటు కూడా పన్నుకు ముందుదే అయ్యుండాలి. ఇంకా పెట్టని కొత్త యంత్రం తెచ్చే రాబడిని కలపకూడదు. పోయినేడు వేసిన అంచనాను ఈ ఏటి అసలు రాబడి పక్కన పెట్టి చూడండి, ఏటా ఒకే వైపు తప్పుతుంటే అసలు సంగతి తెలిసిపోతుంది. నష్టాన్ని దాచే మరో దారి కూడా ఉంది: నష్టాల మిల్లును లాభాల్లో ఉన్న నూనె మిల్లుతో కలిపి ఒకే యూనిట్‌గా పరీక్షిస్తే లోటు కనపడదు. రెండింటి రాబడి విడివిడిగా వస్తుంటే పరీక్షా విడిగానే చేయాలి.

విలువ తగ్గిందన్న సూచనలు ఉన్నా లేకున్నా గుడ్‌విల్‌ను ఏటా పరీక్షించాలి. పత్తి మళ్లీ బాగా వచ్చి మిల్లు కోలుకుంటే యంత్రాల విలువను వెనక్కి పెంచవచ్చు, అదీ నష్టం రాయకపోతే తరుగుదల పోను ఈపాటికి ఎంత ఉండేదో అంతవరకే. తీసేసిన గుడ్‌విల్‌ను మాత్రం మళ్లీ రాయనివ్వరు.